బోరు నీళ్ళకి బట్టలు అట్టలెందుకవుతాయి, హీటర్ కాయిల్‌కి గార ఎందుకు పడుతుంది, సాఫ్ట్‌నర్ ఎంతవరకు పనికొస్తుంది

క్లుప్తంగా: బట్టలు బిరుసెక్కడానికి, గీజర్ కాయిల్ మీద తెల్లగా గార కట్టడానికి కారణం నీళ్ళలో కరిగున్న కాల్షియం, మెగ్నీషియం. నీళ్ళలో మొత్తం లవణాలు ఎన్నో చూపించే టీడీఎస్ మీటర్ వీటిని విడిగా చూపించదు. మామూలు ఫిల్టర్లు వీటిని ఆపలేవు. సాఫ్ట్‌నర్ ఆపుతుంది గానీ వాటి బదులు సోడియం వదులుతుంది, అందుకే టీడీఎస్ తగ్గదు. ఇల్లంతటికీ పెట్టాలా, గీజర్‌కీ వాషింగ్ మెషిన్‌కీ మాత్రం పెట్టాలా అన్నది నీళ్ళ రిపోర్టు చూసి లెక్కేసుకుంటే తేలిపోతుంది.

అన్నీ "ఉప్పు నీళ్ళే" అనుకోవడంతో మొదలయ్యే గందరగోళం

నెల్లూరు, ప్రకాశం వైపు బోరు నీళ్ళు బాగోలేవంటే అందరూ వాడేది ఒకటే మాట, ఉప్పు నీళ్ళు. కనిగిరి వైపు కొండరాళ్ళల్లో వందల అడుగులు దింపిన బోరుదీ ఉప్పు నీళ్ళే, కొత్తపట్నం దగ్గర సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న బోరుదీ ఉప్పు నీళ్ళే. కానీ ఈ రెండిటి రోగమూ ఒకటి కాదు, మందూ ఒకటి కాదు.

పడమటి మెట్ట ప్రాంతంలో వాన తక్కువ, పడిన కాస్త వానా నేలలోకి దిగేటప్పుడు మట్టిలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం పులుపెక్కి, దారిలో తగిలే రాళ్ళనీ సున్నపు గడ్డలనీ మెల్లగా కరిగించుకుంటూ పోతుంది. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవున్న కొద్దీ కాల్షియం, మెగ్నీషియం పెరుగుతాయి. ఇవి ఎక్కువగా బైకార్బనేట్ రూపంలో ఉంటాయి, అంటే కాస్తే విరిగిపోయి తెల్లపొడిగా దిగిపోయేవి. దీన్ని తాత్కాలిక కాఠిన్యం అంటారు.

సముద్రం అంచున కథ వేరు. అక్కడ బోర్లు ఎక్కువ తోడేస్తే అడుగు నుంచి సముద్రపు నీరు ఎగదన్నుకొస్తుంది. సముద్రపు నీళ్ళ హార్డ్‌నెస్, అంటే ఈ కాఠిన్యం కొలత, లీటరుకి 6000 మిల్లీగ్రాములు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం మెగ్నీషియందే, అదీ క్లోరైడు, సల్ఫేట్ తోడుగా ఉంటుంది. అది ఎంత కాచినా దిగదు, అందుకే దాన్ని శాశ్వత కాఠిన్యం అంటారు. ఇలాంటి నీళ్ళు గీజర్‌లో పోస్తే గార కన్నా తుప్పు పెద్ద సమస్య, ట్యాంకు చిల్లు పడుతుంది, ఆ క్లోరైడుని సాఫ్ట్‌నర్ ఏమీ చేయలేదు. ఇక్కడ నోటికి ఉప్పగా తగిలే నీళ్ళు అన్న గుర్తు పనికొస్తుంది. పడమటి వైపు నీళ్ళు నోటికి అంత ఉప్పగా ఉండవు, చప్పగా, ఒక రకం మొద్దు రుచిగా ఉంటాయి, కానీ కందిపప్పు మాత్రం ఎన్ని విజిల్స్ వేసినా పలుకు పలుకుగానే ఉంటుంది. కాల్షియం పప్పు కణాల గోడల్లో ఉండే పెక్టిన్ అనే జిగురుని గట్టిపరుస్తుంది కాబట్టి. టెస్ట్ కిట్లు లేని రోజుల్లోంచి ఆడవాళ్ళు నీళ్ళని అంచనా వేసింది ఈ పప్పుతోనే, ఆ పరీక్ష ఈ రోజుకీ తప్పు కాదు.

మీటర్ చూపించేది ఒకటి, కావలసింది ఇంకొకటి

ఫిల్టర్ అమ్మడానికి వచ్చినవాళ్ళు ముందు తీసేది పెన్ను లాంటి టీడీఎస్ మీటర్. అది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, దాన్నుంచి మొత్తం లవణాలు ఎంతో అంచనా వేసి చూపిస్తుంది. ఆ లవణాల్లో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అన్నది దానికి తెలీదు. టీడీఎస్ 1200 ఉన్న రెండు బోర్లలో ఒకదాని హార్డ్‌నెస్ 250, ఇంకోదానిది 700 ఉండొచ్చు, మొదటిదాంట్లో బట్టలు బాగానే ఉతుక్కోవచ్చు, రెండోదాంట్లో మూడు నెలలకే తువ్వాళ్ళు అప్పడాలవుతాయి.

కావలసినవి రెండు అంకెలు. ఒకటి టోటల్ హార్డ్‌నెస్, రెండోది ఆల్కలినిటీ, అంటే ముఖ్యంగా బైకార్బనేట్ ఎంతుందన్న కొలత. రెండూ కాల్షియం కార్బనేట్ లెక్కలోనే ఇస్తారు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. ఈ రెండిట్లో ఏది చిన్నదో అంత మేర తాత్కాలిక కాఠిన్యం, హార్డ్‌నెస్‌లో మిగిలింది శాశ్వత కాఠిన్యం. నీళ్ళ ల్యాబ్‌లో ఇచ్చినా సరే, హార్డ్‌నెస్ వరకైతే చుక్కల కిట్టుతో ఇంట్లోనైనా సరే. కిట్టులో రంగు మందు వేస్తే నీళ్ళు ఎర్రగా అవుతాయి, రెండో సీసా లోది చుక్క చుక్కగా వేస్తూ నీలం రంగుకి మారేదాకా లెక్కపెట్టాలి, ఒక్కో చుక్కకి ఎంత అన్నది కిట్టు మీద రాసుంటుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. కానీ ఇది తాగడానికి పెట్టిన గీత, గీజర్‌కి పెట్టింది కాదు, కాయిల్‌కి 200 కూడా ఎక్కువే.

పరీక్ష ఒకసారి చేయించి వదిలేస్తే సరిపోదు. ఈ రెండు జిల్లాలకీ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి, అప్పుడు తీసిన శాంపిల్ మంచిగా కనిపించొచ్చు, మే నెలలో నీటిమట్టం అడుగంటినప్పుడు అదే బోరు అంకె పైకి పోవచ్చు. సాఫ్ట్‌నర్ సైజు ఎప్పుడూ మే నెల అంకెకే చూసుకోవాలి.

బట్టల్లో అసలు జరిగేదేంటి

లెక్కకి ఒంగోలు శివారులో కొత్త లేఅవుట్‌లో నలుగురున్న ఒక ఇల్లు అనుకుందాం. మున్సిపాలిటీ పైపు ఇంకా రాలేదు, బోరే దిక్కు. రిపోర్టులో హార్డ్‌నెస్ 600, ఆల్కలినిటీ 350, టీడీఎస్ 1200. అంటే 350 తాత్కాలికం, 250 శాశ్వతం.

ఈ నీళ్ళు ఇరవై లీటర్ల బకెట్టుకి పడితే అందులో 12 గ్రాముల కాఠిన్యం ఉంటుంది. సబ్బు నీళ్ళలో కలవగానే మురికి జోలికి వెళ్ళకముందే ఈ కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారిపోతుంది, ఒక గ్రాము కాఠిన్యం సుమారు ఆరు గ్రాముల సబ్బుని మింగుతుంది. అంటే ఆ బకెట్టులో 70 గ్రాములకి పైగా సబ్బు పోయాక గానీ మొదటి నురుగు నిలబడదు. బాత్రూమ్ బకెట్ల అంచున బూడిదరంగు జిడ్డు వలయం, స్నానం చేశాక ఒంటి మీద జిగురు జిగురుగా ఉండటం, ఇవన్నీ ఆ తెట్టే.

ఇప్పుడు బట్టలకి వాడే పౌడర్లు, బిళ్ళలు చాలావరకు సబ్బు కాదు, డిటర్జెంటు. అది తెట్టు తక్కువ కడుతుంది. అయినా బట్టలు బిరుసెక్కుతున్నాయంటే అక్కడ పని చేసేది ఇంకో సంగతి. చవక పౌడర్లలో వాషింగ్ సోడా దండిగా ఉంటుంది, కాల్షియంని పట్టుకోడానికే దాన్ని వేస్తారు, పట్టుకుంటుంది కూడా, కానీ పట్టుకున్నాక అది సన్నటి సున్నపు పొడిలా దిగిపోతుంది, దిగేది ఎక్కడో కాదు నూలు పోగుల మధ్యే. రెండుసార్లు జాడించినా జాడించే నీళ్ళూ అవే హార్డ్ నీళ్ళు కాబట్టి కొత్తది చేరుతుంది తప్ప పాతది పోదు. ఉతుకు మీద ఉతుకు పడే కొద్దీ తెల్ల పంచె బూడిదరంగుకి తిరుగుతుంది, నల్ల చొక్కా మీద తెల్ల చారలు కనిపిస్తాయి. మురికి పోవట్లేదని ఇంకో గరిటెడు పౌడర్ వేస్తే సోడా పెరిగి పొడి ఇంకా దిగుతుంది.

ఒక చిన్న సవరణ కూడా చెప్పుకోవాలి, నూలు బట్ట మెత్తటి నీళ్ళలో ఉతికినా ఎండలో కదలకుండా ఆరితే కొంచెం గట్టిపడుతుంది, పోగుల మధ్య మిగిలిపోయే సన్నటి నీటిపొర వాటిని అంటించేస్తుంది. అది విదిలించినా నలిపినా పోతుంది. నలిపినా పోని బిరుసు నీళ్ళ వల్ల వచ్చింది. తేల్చుకోవడం సులువే: పాత తువ్వాలు మూలని కాస్త వెనిగర్‌లో ముంచితే సన్నగా బుడగలు వస్తే అది సున్నమే.

పాత బిరుసు తీయడానికి నిమ్మ ఉప్పు చాలు, కానీ ఎక్కువమంది చెంచాడు వేసి లాభం లేదని వదిలేస్తారు. ఎందుకు లాభం లేదో రిపోర్టులోనే ఉంది. ఆల్కలినిటీ 350 ఉన్న ఇరవై లీటర్ల నీళ్ళు సుమారు పది గ్రాముల నిమ్మ ఉప్పుని తమలోనే విరిచేసుకుంటాయి, అంటే మొదటి రెండు చెంచాలు బట్టదాకా రావు. నాలుగైదు చెంచాలు వేసి గంట నానబెట్టి జాడిస్తే అప్పుడు తేడా తెలుస్తుంది. బ్లీచింగ్ ద్రావణం మాత్రం ఆ బకెట్లో కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది.

కాయిల్ కాలిపోవడం వెనక

బైకార్బనేట్ రూపంలో ఉన్న కాల్షియం వేడెక్కితే విడిపోయి కాల్షియం కార్బనేట్‌గా, అంటే సున్నపురాయిగా మారుతుంది. నీళ్ళలో అన్నిటికన్నా వేడిగా ఉండేది కాయిల్ పైతలం, కాబట్టి అది ముందు అక్కడే కడుతుంది. అదే ఇంట్లో రోజుకి 60 లీటర్ల వేడినీళ్ళు వాడతారనుకుంటే గీజర్ గుండా రోజుకి 21 గ్రాముల తాత్కాలిక కాఠిన్యం పోతుంది. అందులో పదో వంతే దిగిందనుకున్నా ఏడాదికి ముప్పావు కిలో. పదిహేను లీటర్ల గీజర్ విప్పితే గుప్పెళ్ళకొద్దీ తెల్ల పెంకులు రాలడం అందుకే.

గార పడితే కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందని అమ్మేవాళ్ళు గట్టిగా చెప్తారు. ఇది గ్యాస్ గీజర్లకీ బాయిలర్లకీ వర్తించే మాట, అక్కడ నీళ్ళకి ఎక్కని వేడి పొగతో బయటికి పోతుంది. కరెంటు కాయిల్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది, దాని వేడి పోవడానికి నీళ్ళు తప్ప వేరే చోటు లేదు, ఆలస్యంగానైనా అందులోకే వస్తుంది. బిల్లులో పెద్ద తేడా రాదు. నష్టం కాయిల్‌కే. గార వేడిని సరిగా బయటికి పోనివ్వదు కాబట్టి లోపలి తీగ ఉండాల్సిన దానికన్నా చాలా వేడెక్కుతుంది, పై గొట్టం సాగి ముడుచుకుని ఎక్కడో ఒకచోట పగులుతుంది, పగులులోంచి నీళ్ళు లోపలికెళ్తాయి. తీగ తెగితే నీళ్ళు వేడెక్కవు. తెగకుండా లీకైతే స్విచ్ వేయగానే ట్రిప్ అవుతుంది, అదీ ఎర్తింగ్, లీకేజీ బ్రేకర్ రెండూ సరిగా ఉంటేనే, లేకపోతే నీళ్ళలో షాకు. బకెట్లో వేసే హీటర్ రాడ్డుకి గార మందంగా పట్టిందంటే దాన్ని కత్తితో గీకి వాడటం కన్నా పారేయడమే మేలు.

పగలకముందే గుర్తులు కనిపిస్తాయి. గీజర్ ఆన్ చేస్తే లోపల అన్నం ఉడుకుతున్నట్టు గురగురమని శబ్దం వస్తుంది, గార కింద ఇరుక్కున్న నీళ్ళు ఆవిరై తన్నుకొచ్చే చప్పుడది. వేడెక్కడానికి ముందుకన్నా ఎక్కువసేపు పడుతుంది. షవర్ రంధ్రాలు మూసుకుపోతాయి.

సాఫ్ట్‌నర్ కొనకముందే చేయగలిగింది ఒకటుంది, థర్మోస్టాట్‌ని తగ్గించడం. 60 డిగ్రీలు దాటాక గార పట్టే వేగం బాగా పెరుగుతుంది. 75కి కాచి దాంట్లో బకెట్టుడు చన్నీళ్ళు కలుపుకునే అలవాటు కాయిల్‌ని తినేస్తుంది.

ఏ ఫిల్టర్ ఏం చేస్తుంది

తెల్ల దారపు కాట్రిడ్జ్ ఇసుకనీ మట్టినీ ఆపుతుంది. కార్బన్ ఫిల్టర్ వాసనని ఆపుతుంది. కరిగిపోయి కంటికి కనపడకుండా ఉన్న కాల్షియం ఈ రెండిట్లోంచీ హాయిగా దాటిపోతుంది. ఆర్ఓ అన్నిటినీ తీసేస్తుంది గానీ లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు బయట పారబోస్తుంది, బట్టలకి అది కుదిరే పని కాదు.

కుళాయికీ షవర్‌కీ తగిలించే చిన్న సాఫ్ట్‌నర్ కాట్రిడ్జ్‌ల గురించి ఒక లెక్క చాలు. లోపల కాల్షియంని పట్టుకునే రెసిన్ పూసలు 150 మిల్లీలీటర్లు అనుకుందాం. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యాన్ని పట్టగలదు, అంటే దీనికి ఏడున్నర గ్రాములు. మన ఉదాహరణ నీళ్ళలో లీటరుకి 0.6 గ్రాము ఉంది. పన్నెండు లీటర్లకే దాని పని అయిపోయింది, ఒక బకెట్టు కూడా నిండలేదు. హార్డ్‌నెస్ తక్కువున్న ఊళ్ళలో అది కొన్నాళ్ళు పనిచేసినట్టు కనిపిస్తుందేమో గానీ ఇక్కడ కాదు.

పాలీఫాస్ఫేట్ గోళీల కాట్రిడ్జ్ ఇంకో రకం. అది కాల్షియంని తీయదు, పెంకుగా గట్టిపడనివ్వకుండా నీళ్ళలోనే పట్టి ఉంచుతుంది. ఓ మోస్తరు హార్డ్‌నెస్‌కి వాషింగ్ మెషిన్ ముందు పెట్టుకోడానికి చవకైన ఉపాయమే, నీళ్ళు బాగా వేడెక్కితే మాత్రం ఆ గుణం చెడిపోతుంది. ఇక పైపుకి చుట్టే అయస్కాంతాలు నీళ్ళలోంచి కాల్షియంని తీయవు, గార తగ్గిస్తాయన్న మాటకి కూడా పరీక్షల్లో నిలకడైన రుజువు లేదు.

అసలు సాఫ్ట్‌నర్, దాని ఉప్పు లెక్క

సాఫ్ట్‌నర్ ట్యాంకులో ఉండేది ఆవగింజ కన్నా సన్నటి రెసిన్ పూసలు. ఒక్కో పూస ఒళ్ళంతా సోడియం అంటుకుని ఉంటుంది. హార్డ్ నీళ్ళు వచ్చినప్పుడు కాల్షియం, మెగ్నీషియంని పట్టుకుని ఆ మేరకి సోడియంని వదిలేస్తుంది. పూసలు నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్ళు పారిస్తే పట్టుకున్నదంతా వదిలి మళ్ళీ సోడియం ఎక్కించుకుంటాయి. దీన్నే రీజెనరేషన్ అంటారు.

ఇచ్చిపుచ్చుకోవడమే జరుగుతోంది కాబట్టి లవణం మొత్తం తగ్గదు. ఉదాహరణ ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టాక మీటర్ ముంచితే మళ్ళీ 1200 దగ్గరే చూపిస్తుంది, కాస్త ఎక్కువే చూపించినా ఆశ్చర్యం లేదు. "టీడీఎస్ తగ్గలా, మనల్ని మోసం చేశారబ్బా" అన్న గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. పనిచేస్తుందో లేదో తేల్చేది చుక్కల కిట్టు, నీళ్ళు మొదటి చుక్కకే నీలంగా మారాలి. కిట్టు లేకపోతే ఖాళీ సీసాలో సగం నీళ్ళు పోసి కాస్త ఒంటి సబ్బు గీకి ఊపితే నురుగు నిలబడాలి, నీళ్ళు పాలల్లే అయిపోతే రెసిన్ అయిపోయినట్టే.

ఇప్పుడు సైజు. నలుగురూ కలిసి రోజుకి 540 లీటర్లు వాడతారనుకుంటే రోజుకి 324 గ్రాముల కాఠిన్యం. 25 లీటర్ల రెసిన్ 1250 గ్రాములు పడుతుంది, అంటే నాలుగు రోజులు కూడా రాదు. ప్రతి రీజెనరేషన్‌కీ లీటరు రెసిన్‌కి 150 గ్రాముల చొప్పున పావు తక్కువ నాలుగు కిలోల ఉప్పు, నెలకి సుమారు 30 కిలోలు. దాంతోపాటు ప్రతిసారీ 150 నుంచి 200 లీటర్ల నీళ్ళు.

అదే గీజర్‌కీ మెషిన్‌కీ మాత్రం విడిగా లైను లాగితే రోజుకి 120 లీటర్లు చాలు. అప్పుడు రోజుకి 72 గ్రాములు, పది లీటర్ల చిన్న యూనిట్ వారం వస్తుంది, వారానికి ఒకటిన్నర కిలో ఉప్పు. టాయిలెట్‌కి, వాకిలి కడగడానికి, మొక్కలకి మెత్తటి నీళ్ళు దేనికి. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళకి రెండో లైను ఖర్చు పెద్దది కాదు, కట్టేసిన ఇంట్లోనే గోడ పగలగొట్టే తలనొప్పి.

వంటింటి కుళాయిని సాఫ్ట్‌నర్‌కి కలపకపోవడం మంచిది. 600 హార్డ్‌నెస్ మొత్తం మారితే లీటరుకి దాదాపు 275 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది, బీపీ ఉన్నవాళ్ళకి ఇది పట్టించుకోవాల్సిన సంగతే. కనిగిరి లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఇంకో మాట గట్టిగా చెప్పాలి, సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ని అస్సలు తీయదు, నీళ్ళు మెత్తబడ్డాయి కదా అని తాగడానికి వాడకూడదు.

పాడయ్యేది ఎక్కడ

ఎక్కువ యూనిట్లు ఇనుము వల్ల పోతాయి. బోరు నుంచి వచ్చినప్పుడు తేటగా ఉండి బకెట్లో గంట నిలిస్తే ఎర్రగా తిరిగే నీళ్ళలో ఇనుము ఉన్నట్టు, అది పూసల మీద తుప్పులా పేరుకుని వాటిని పనికిరాకుండా చేస్తుంది, ముందు ఐరన్ ఫిల్టర్ పెట్టాల్సిందే. మట్టి వచ్చే బోరుకైతే ఇసుక ఫిల్టర్.

రెండోది ఉప్పు. చినగంజాం వైపు ఉప్పు మళ్ళ నుంచి వచ్చే కల్లుప్పు చవకగా దొరుకుతుంది, ఊరగాయకి దాన్ని మించింది లేదు, కానీ కడగని మళ్ళ ఉప్పులో మట్టితో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా ఉంటాయి. ఏవి వదిలించుకోవాలో వాటినే మళ్ళీ పూసల మీదికి పంపినట్టవుతుంది, ఉప్పు తొట్టి అడుగున బురద చేరి గొట్టం మూసుకుపోతుంది. కడిగి శుభ్రం చేసిన ఉప్పు గానీ సాఫ్ట్‌నర్ బిళ్ళలు గానీ వాడాలి.

మూడోది గీజర్ లోపలి మెగ్నీషియం కడ్డీ. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయేది అదే, టీడీఎస్ ఎక్కువున్న మెత్తటి నీళ్ళలో అది ఇంకా తొందరగా అరుగుతుంది. సాఫ్ట్‌నర్ పెట్టాక గార గొడవ పోయింది కదా అని గీజర్‌ని విప్పకుండా వదిలేస్తే ఈసారి ట్యాంకే కారుతుంది, ఏడాదికోసారి కడ్డీ చూడాలి.

చివరగా రీజెనరేషన్‌లో బయటికొచ్చే ఉప్పునీళ్ళు ఎక్కడికి పోతాయన్నది, అమ్మేటప్పుడు ఎవరూ ఎత్తని ప్రశ్న ఇది. డ్రైనేజీ లేని లేఅవుట్లలో అవి ఇంటి వెనక ఇంకుడుగుంతలోకి పోతాయి, ఆ గుంత చాలా ఇళ్ళల్లో బోరుకి పది పదిహేను అడుగుల దూరంలోనే ఉంటుంది. ఇల్లంతా సాఫ్ట్‌నర్ పెట్టిన ఇంట్లోంచి ఏడాదికి 360 కిలోల ఉప్పు అలా నేలలోకి దిగుతుంది, గీజర్‌కీ మెషిన్‌కీ మాత్రం పెట్టుకున్న ఇంట్లోంచి 80 కిలోల లోపు. ఒకే వీధిలో ఇరవై ఇళ్ళు మొదటి పద్ధతిలో పెడితే ఏడాదికి ఏడు టన్నులు. రీజెనరేషన్ నీళ్ళని మొక్కలకి మళ్ళించినా మొక్కలు చస్తాయి, కాబట్టి గొట్టాన్ని వీధి కాలవ దాకా లాగాలి, కాలవే లేకపోతే బోరుకి వీలైనంత దూరంగా, పల్లం వైపున గుంత తీయించాలి.